మొరిగితే తలుపు కొట్టండి

ఆ రోజు నేను ఒకే జాకెట్టుకి రెండు ఎడమ చేతులు కత్తిరించాను. గుంటూరులో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, అలాంటి పొరపాటు నేర్చుకునే రోజుల్లో కూడా చెయ్యలేదు. గుడ్డ చేతిలో పట్టుకుని చూస్తున్నాను గానీ తప్పెక్కడుందో బుర్రకెక్కడం లేదు. పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాను. పెళ్లివాళ్ల జాకెట్లు అర్జెంటని ఒక్క ఇడ్లీ తిని మిషను ముందు కూర్చున్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఆస్పత్రిలో సెలైను సీసా.

పంతొమ్మిదో ఏటి నుంచి నాకు షుగరు, టైప్ వన్. షుగరు పడిపోవడం నాకు కొత్త కాదు. చెమట పట్టేది, చేతులు వణికేవి, ఇంత చక్కెర నోట్లో వేసుకుంటే సర్దుకునేది. ఈసారి అవేమీ లేవు.

"చెమట పట్టలేదా అమ్మా?" అనడిగారు డాక్టరు గారు.

"లేదండి."

"గుండె దడ?"

"లేదండి. బాగానే ఉన్నాననుకున్నా."

"అదే ప్రమాదం. దీన్ని హైపోగ్లైసీమియా అన్‌అవేర్‌నెస్ అంటాం. ఏళ్ల తరబడి లోస్, అంటే షుగరు పడిపోవడాలు, వస్తూ ఉంటే శరీరం హెచ్చరించడం మానేస్తుంది. నువ్వు ఒంటరిగా ఉండకూడదు."

ఒంటరిగా ఉండకూడదంటే ఎలా? మాకు పిల్లలు లేరు. మా ఆయన జానీకి ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పగలంతా రెండో అంతస్తు ఫ్లాట్‌లో నేనూ, కుట్టుమిషనూ.

కొన్నాళ్లు ప్రత్తిపాడులో మా తమ్ముడింటికి వెళ్లాను. అక్కడ ఒక ఊరకుక్క ఉంది. పేరు లడ్డు. నాకు తినే రాత లేని పేరు! అది రోజంతా గుమ్మం బయట పడుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి లోపలికొచ్చి ముందరికాలితో నా మోకాలు గీరడం మొదలుపెట్టింది. తరిమితే మొరిగింది. తమ్ముడి భార్యకి ఎందుకో అనుమానమొచ్చి గ్లూకోమీటరుతో చూస్తే షుగరు యాభై ఎనిమిది. రెండోసారి అలాగే అయింది. మూడోసారీ అయ్యాక డాక్టరు గారికి చెప్పాం. ఆయన నవ్వలేదు.

"కొన్ని కుక్కలు పసిగడతాయని చదివాను. గ్యారంటీ ఇవ్వలేను. దాన్ని నమ్మి టెస్టులు మానకూడదు. రోజుకి నాలుగుసార్లు మీటరు, డోసు మారుస్తాను. ఆపైన కుక్క కూడా ఉంటే మంచిదే."

మా ఇళ్లల్లో కుక్కని లోపలికి రానివ్వరు. మా అమ్మ ముక్కు చిట్లించింది. "అవసరానికి కాపలా కుక్కని పెట్టుకోవచ్చు. దాన్ని బాల్కనీలో ఉంచు, నమాజు చేసే చోటికి రానివ్వకు," అని తనే చివరికి తీర్పు చెప్పింది. అమ్మ ఒప్పుకుంది గానీ అపార్ట్‌మెంటు ఒప్పుకోవాలి కదా. అది అమ్మ కంటే గట్టిది.

ఇక్కడే నేను తెలివితక్కువ పని చేశాను. కమిటీకి అర్జీ రాశాను గానీ అందులో జబ్బు సంగతి రాయలేదు. నేను స్పృహ తప్పి పడిపోతానని తెలిస్తే జాకెట్లు ఎవరిస్తారు? సూదీ కత్తెరా పట్టుకునేదానికి ఆ మాట అంటుకుంటే అన్నం పుట్టదు. అందుకని "పగటిపూట ఒంటరిగా ఉంటున్నాను, దొంగల భయం, కుక్కను పెంచుకోవడానికి అనుమతి ఇప్పించగలరు" అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాను. జవాబు వచ్చేలోపే లడ్డుని తెచ్చేసుకున్నాను కూడా.

మా సెక్రటరీ సుబ్బారావు గారు తాలూకాఫీసులో చేసి రిటైరైనాయన. మూడో రోజు నా కాగితం నాకే తెచ్చిచ్చారు.

"చూడమ్మా నాగూర్‌బీ, నువ్వు అద్దెకున్నదానివి. అసోసియేషన్లో మెంబరు మీ ఓనరు. అర్జీ ఆయన సంతకంతో, అభ్యంతరం లేదని రాయించుకుని, ఆయన ద్వారా రావాలి. ఇక దొంగలంటావా, ఏసోబు ఉన్నాడుగా! వాచ్‌మన్ ఉండగా కుక్కెందుకని అడిగితే నేనేం చెప్పను?"

"మరి కుక్కనేం చెయ్యమంటారండి?"

"తీర్మానం అయ్యేదాకా ఇక్కడ ఉండకూడదు. మొదటి ఆదివారం కమిటీ. వారం ముందే అజెండాలో పడాలి. ఈ నెలకి టైము దాటిపోయింది."

లడ్డుని ప్రత్తిపాడు బస్సు డ్రైవరు ఎక్కించుకోనన్నాడు. మా ఆయన ఆటో మాట్లాడి దింపొచ్చాడు. పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు సాయంత్రం ఆయన వచ్చి ఎంత కొట్టినా నేను తలుపు తీయలేదట. లోపల గొళ్లెం. ఆయనా ఏసోబూ కలిసి తలుపు పగలగొట్టారు. మిషను పక్కన పడి ఉన్నాను, కత్తెర నా చేతి కిందే ఉంది. ఎంతసేపటి నుంచి పడి ఉన్నానో ఎవరికీ తెలియదు. ఐసీయూలో రెండు రోజులు. "ఈసారి బ్రెయిన్‌కి ఏమీ కాలేదు," అన్నారు డాక్టరు గారు. ఆ 'ఈసారి' అన్న మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి రెండో అర్జీ రాశాను. ఓనరు వెంకట్రామయ్య గారు పత్తి పొలం నుంచి వచ్చి, చదివి, "ఇదంతా ముందే చెప్పొద్దటమ్మా?" అని మందలించి కింద సంతకం చేశారు. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది.

"సెక్రటరీ గారికి నమస్కారములు. మీ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అద్దెకుంటున్న నాగూర్‌బీ అను నేను వ్రాయునది. నాకు షుగరు జబ్బు. ఇన్సులిన్ వాడుతున్నాను. షుగరు పడిపోయినప్పుడు నాకు తెలియడం లేదు. మొదటి అర్జీలో భయపడి అబద్ధపు కారణం రాశాను, క్షమించగలరు. మా తమ్ముడి కుక్క ఆ సమయంలో మొరుగుతున్నది. డాక్టరు గారి చీటీ, పశువుల ఆస్పత్రిలో వేయించిన రేబీస్ టీకా సర్టిఫికెట్టు, ఓనరు గారి అంగీకారం జత చేశాను. మున్సిపాలిటీ లైసెన్సు తీసుకుంటాను. కుక్కను లిఫ్టులో ఎక్కించను. గొలుసు లేకుండా బయటికి తీసుకురాను. అది చేసిన అశుభ్రం నేనే తీస్తాను. ఎవరినైనా కరిస్తే వైద్యం బాధ్యత మాది. అది ఆపకుండా రెండు నిమిషాలు మొరిగితే దయచేసి తిట్టకండి, తలుపు కొట్టండి. నేను పలకకపోతే తాళంచెవి ఏసోబు దగ్గర ఉంటుంది. లోపలి గొళ్లెం ఇక పెట్టను. నేను మాట వింటుంటే మిషను మీదున్న గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి, గోడ మీది నంబరుకి ఫోను చెయ్యండి."

ఆదివారం పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కమిటీ కూర్చుంది. ఏడుగురు. అద్దెవాళ్లకి అక్కడ కుర్చీ ఉండదు, అడిగినదానికి జవాబు చెప్పడానికి నన్ను స్తంభం పక్కన నిలబెట్టారు. ఈరోజు కాదంటే రేపటి నుంచి నేను మళ్లీ ఒంటరిదాన్నే. కాళ్లు వణుకుతుంటే, ఇది భయమో షుగరో తెలియక మీటరు తీసి అక్కడే చూసుకున్నాను. నూట నలభై. భయమే.

మూడో అంతస్తు అన్నపూర్ణమ్మ గారు మొదలుపెట్టారు. "సుబ్బారావు గారూ, టెర్రస్ సంగతేంటండీ? వేసవొస్తే మేమందరం మిరపకాయలు అక్కడే ఎండబెట్టుకుంటాం. ఏడాదికి సరిపడా కారం. కుక్క వెంట్రుకలు పడితే ఏం చేసుకోను? ఈవిడకి ఇస్తే రేపు ఇంకొకరు, ఎల్లుండి ఇంకొకరు."

"పైకి ఎక్కనివ్వనండి," అన్నాను.

"అది నీ మాట వింటుందా, మెట్ల మాట వింటుందా?"

సుబ్బారావు గారు అసోసియేషన్ నియమాలున్న బైలాస్ పుస్తకం తెరిచారు. "కుక్కలు ఉండకూడదని ఇందులో లేదండి. ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించే జంతువులు ఉండకూడదని ఉంది. ఇబ్బందో కాదో చూడకుండా కాదనలేం. మూడు నెలలు గడువిద్దాం. ఈలోపు రాతపూర్వకంగా ఒక్క ఫిర్యాదొచ్చి, అది నిజమని తేలితే, కుక్కని వారంలో పంపెయ్యాలి."

చేతులెత్తారు. నలుగురు సరేనన్నారు, ముగ్గురు కాదన్నారు. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కింది. టెర్రస్ నిషేధం అందులోనే చేర్చారు. తీర్మానం నకలుతో పాటు నా అర్జీని కూడా నోటీసు బోర్డుకి అంటించారు. ఎక్కే దిగేవాళ్లందరూ నా జబ్బు చదువుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరు జాకెట్లు వెనక్కి పట్టుకెళ్లారు. మిగతావాళ్లు ఇంకో నాలుగు తెచ్చారు, అది వేరే సంగతి.

లడ్డుని మళ్లీ తెచ్చుకున్నాం గానీ ఆ మూడు నెలలూ నిప్పుల మీద నడిచాను. లడ్డు ఆవలించినా ఉలిక్కిపడేదాన్ని. పిల్లిని చూసి ఒకసారి మొరిగితే దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. కాపాడడానికి తెచ్చుకున్న కుక్కని మొరగొద్దని బతిమాలుకునే బతుకు. అన్నపూర్ణమ్మ గారు మెట్లమీద ఎదురైతే, "కాయలు వచ్చేశాయమ్మోయ్, ఒక్క వెంట్రుక కనపడిందా, కాగితం పెడతా," అనేవారు.

గడువింకా తొమ్మిది రోజులుంది. మిట్టమధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం గురించి నాకు తెలిసినదంతా ఇతరులు చెప్పిందే. లడ్డు మొరగడం మొదలుపెట్టి ఆపలేదు. టెర్రస్ మీద కాయలు తిరగేస్తున్న అన్నపూర్ణమ్మ గారు కోపంగా ఇంటికి దిగి, తెల్లకాగితం తీసి, "రెండో అంతస్తు కుక్క" అని రాయడం మొదలుపెట్టారు. ఫిర్యాదు గట్టిగా ఉండాలంటే నేను ఒప్పుకున్న షరతు చూసి రాయాలని నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లారు. అక్కడ చదివారు. "ఆపకుండా రెండు నిమిషాలు మొరిగితే దయచేసి తిట్టకండి."

ఏసోబుని కేకేసి తాళం తీయించారు. నేను మిషను మీద తల పెట్టుకుని ఏదో గొణుగుతున్నానట. లడ్డు నా చీర కొంగు పట్టి లాగుతోందట. "నాగూర్‌బీ, మింగగలవా?" అంటే తలూపానట. ఆవిడ గ్లూకోజు కలిపి గుక్కగుక్కగా తాగించారు. నాకు తెలివొచ్చాక మొదట తెలిసింది తీపి కాదు, మంట. పెదాలు భగభగమంటున్నాయి. ఆవిడ చేతులకి మిరపకాయల ఘాటు అలాగే ఉంది. ఎదురుగా ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"కారమాండీ?" అన్నాను.

"నోరు ముయ్యవే. తాగు," అన్నారు.

గడువు తీరిన ఆదివారం కమిటీలో సుబ్బారావు గారు అడిగారు. "లడ్డు విషయంలో ఎవరికైనా ఫిర్యాదు ఉందా?"

అన్నపూర్ణమ్మ గారు లేచారు. "నాకేం లేదండి. చేతులు కడుక్కోకుండా మందు పోశానని ఆవిడే నామీద పెట్టాలి." ఈసారి ఏడుగురూ చేతులెత్తారు.

ఇది జరిగి ఏళ్లయింది. డోసు మార్చాక, నాలుగుసార్లు చూసుకోవడం అలవాటయ్యాక లోస్ తగ్గాయి. కొన్నిసార్లు మళ్లీ చెమట పడుతోంది. చెమట పడితే ఇంత సంతోషించే మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. లడ్డు ముసలిదైంది, కొన్నిసార్లు నా కంటే ముందు నిద్రపోతుంది. అందుకే మీటరు పక్కనే ఉంచుకుంటాను. టెర్రస్ మీదకి అది ఇప్పటికీ ఎక్కదు, అన్నపూర్ణమ్మ గారే బజ్జీ ముక్కలు కిందికి తెచ్చి పెడతారు.

ఇన్సులిన్ వాడేవాళ్లకి ఒక్క మాట. మీరు పడిపోతే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో డాక్టరుని అడిగి నాలుగు వాక్యాల్లో రాసి పక్కింటివాళ్లకి ఇవ్వండి, తాళంచెవి కూడా ఒకటి ఇవ్వండి. సిగ్గుపడకండి. నా మొదటి అర్జీయే ఆ బోర్డు మీద ఉండుంటే, అన్నపూర్ణమ్మ గారు దొంగల భయం గురించి చదువుకుని, ఫిర్యాదు పూర్తిచేసి, కాయలు తిరగెయ్యడానికి పైకి వెళ్లిపోయేవారు.