పది పంటల కవలలు

రాయచూరు స్టేషన్ రోడ్డులో ఒక మందుల దుకాణం మీద రెండు గదుల ఆఫీసు ఉంది. అందులో ఫోన్ గేములు తయారవుతాయని కింద జ్వరం మాత్రలు కొనేవాళ్లెవరికీ తెలియదు. అక్కడ పనిచేసే సుమంగళకు నలభై ఎనిమిదేళ్లు. అంతకుముందు ఇరవై రెండేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్లిపత్రికల ప్రూఫులు దిద్దింది. పెళ్లికొడుకు మేనమామ పేరు తప్పు పడితే పెళ్లిపందిట్లో ఏమవుతుందో కళ్లారా చూసిన మనిషి. ప్రెస్సు మూతపడగానే గేముల ఆఫీసు యజమాని హనుమేశ్ ఆమెను పిలిపించాడు.

"అక్కా, గేము కథ నలుగురు రాస్తున్నరు. ఒకడు చంపినోన్ని ఇంకొకడు లేపి చాయ్ తాపిస్తున్నడు. జర నువ్వు చూసుకో."

సుమంగళ మూడు నెలలు కూర్చుని కంప్యూటర్లో లోర్ డాక్యుమెంట్, అంటే గేము కథాలోకం వివరాలన్నీ ఉండే చిట్టా, కట్టింది. ఒక పేజీలో పాత్రల పేర్లు: ఎవరి పేరు ఎలా రాయాలి, ఎవరు ఎవర్ని ఏమని పిలవాలి. ఇంకో పేజీలో కోట కూలిన నాటి నుంచి జరిగినవన్నీ వరసగా. మరో పేజీలో ఎవరు ఏ తీరున మాట్లాడతారో నమూనాలు: మంత్రి ఇలా అంటాడు, చచ్చినా ఇలా అనడు. అన్నిటికీ పైన పెద్ద అక్షరాల్లో, "ఇందులో లేనిది కథలో లేదు."

రచయితల్లో సిద్దుకు అది నచ్చలేదు. తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు. తన నోట్సు తన ఫోన్లో పెట్టుకుని, డాక్యుమెంట్‌కు 'అక్క పురాణం' అని పేరు పెట్టాడు. హనుమేశ్ మధ్యేమార్గంగా ఒక మాట చెప్పాడు: కవలల అధ్యాయం ఈ డాక్యుమెంట్ చూసే రాయాలి. సాఫీగా వస్తే ఇక అందరూ పాటించాలి. రాకపోతే దాన్ని పక్కన పెట్టేయాలి.

ఆరేళ్ల వయసులో విడిపోయిన కవలలు. చెల్లెలు కాలువ ఊళ్లో పెరుగుతుంది. ఆ భాగం రాసేది కాలువ నీళ్ల సింధనూరు నుంచి వచ్చిన సుప్రీత. అన్న మెట్ట ఊళ్లో పెరుగుతాడు, అది రాసేది సిద్దు. పది పంటల తర్వాత కూలిన కోట గుమ్మం దగ్గర ఇద్దరూ కలుస్తారు.

బుధవారం పొద్దున బొమ్మలు గీసే అర్జున్ ఆ కలయిక బొమ్మను గోడమీది తెరపై వేశాడు. రెండు జడల పదకొండేళ్ల పిల్ల. ఆమె పక్కన నూనూగు మీసాలతో పదహారేళ్ల యువకుడు.

"వీళ్లు కవలలా?" అన్నాడు హనుమేశ్.

"నాకు రాసిచ్చిన వయసులే గీసిన సార్," అన్నాడు అర్జున్.

సుమంగళకు మండింది. "నేను రాసింది ఒక్కరన్న సదువుతరా? డాక్యుమెంట్ల పది పంటలని లేదా?"

"ఉంది అక్కా. పది పంటలే రాసిన," అన్నాడు సిద్దు. "మా ఊర్ల ఏడాదికి ఒక్క పంట. జొన్నో కందో. పదేండ్లాయె."

"అదేంటక్కా, మాకు కాలువ కింద ఏడాదికి రెండు కార్ల పంట కదా! పది పంటలంటే అయిదేళ్లే," అంది సుప్రీత.

కాలాన్ని సంవత్సరాల్లో కాక పంటల్లో లెక్కపెడితే కథకు మట్టివాసన వస్తుందని ఆలోచించింది సుమంగళే. ఆ రోజు తన తెలివికి తానే మురిసి సమోసాలు కూడా తెప్పించింది.

ఇప్పుడు మాత్రం ఏమీ తెలియనట్టు తన బల్ల దగ్గరికి వెళ్లి డాక్యుమెంట్ తెరిచింది. 'పది పంటలు' చెరిపి 'అయిదేళ్లు' అని కొట్టసాగింది. ముందు నుంచీ అలాగే ఉందని బుకాయించవచ్చు.

"అక్కా," అన్నాడు సిద్దు మెల్లగా.

"ఏంది?"

"నీ పేరు మా అందరి తెరల మీద ఉరుకుతున్నది."

ఒకరు దిద్దేది అందరికీ కనిపించే డాక్యుమెంట్ అది. ఆ ఏర్పాటు పట్టుబట్టి పెట్టించింది కూడా ఆమే. ముందు సుప్రీత ఫక్కున నవ్వింది, తర్వాత అర్జున్. ముఖం కందగడ్డ చేసుకున్న సుమంగళ చివరికి తనూ నవ్వేసింది.

"ఇగ దాచేదేముంది? తప్పు నాదే. కూసోండి."

ఆ మధ్యాహ్నమంతా డాక్యుమెంట్‌ను విప్పి మళ్లీ కుట్టారు. కోట కూలిన ఏడాది సున్నా. ప్రతి సంఘటనకూ ఏడాది అంకె. పాత్రలకు వయసు రాయరు, పుట్టిన ఏడాదే రాస్తారు; వయసు అందులోంచి లెక్క తేలుతుంది. పంటల మాట పాత్రల నోటికే వదిలేశారు: ఏడాదికి కాలువ వాళ్లకు రెండు, మెట్ట వాళ్లకు ఒకటి. కవలలు కలిసేది అయిదేళ్ల తర్వాతే గనుక సిద్దు పాత్ర 'అయిదు పంటలు' అంటుంది, సుప్రీత పాత్ర 'పది' అంటుంది. చివర మార్పుల పేజీ ఒకటి: ఎవరు, ఎందుకు మార్చారు, దానివల్ల ఏ సన్నివేశాలు దిద్దాలి. అందులో మొదటి వరుస సుమంగళే రాసింది: "పంటను కాలమానం చేయడం సుమంగళ తప్పు. దిద్దాల్సినవి ఏడు సన్నివేశాలు, ఒక బొమ్మ."

హనుమేశ్ అది చదివి తల గోక్కున్నాడు. "సాఫీగయితే రాలేదు గద అక్కా. మరి దీన్ని ఉంచుదామా, తీసేద్దామా? సిద్దూ, నువ్వే చెప్పు."

సిద్దు అప్పటికే ఏదో టైప్ చేస్తున్నాడు. మార్పుల పేజీలో రెండో వరుస మొదలైంది: "మూడో అధ్యాయంలో చనిపోయిన పడవవాడు ఎనిమిదో అధ్యాయంలో తెడ్డేస్తున్నాడు. తప్పు సిద్దుది. నా ఫోన్ నోట్సులో బతికే ఉన్నాడు."

"ఓరి!" అంది సుమంగళ, "రెండు నెలల సంది దాచినవా?"

"నువ్వు తిడ్తవని," అన్నాడు సిద్దు. "ఇప్పుడు పై వరుసల నీ తప్పే ఉంది గద అక్కా, ధైర్యమొచ్చింది."