పక్కకు తిప్పి పట్టుకున్న మధ్యాహ్నం

ఆ ఆదివారం మధ్యాహ్నం గదిలోంచి మా ఆయన గురక వినబడితే నాకు ముందు సంతోషమే వేసింది. మా అత్తమ్మ మంచాన ఉన్నంతకాలం రాత్రిళ్లు లేచి ఆమెను చూసుకున్నది ఆయనే. ఆమె పోయాక కూడా ఆయనకు ఆ లేవడం ఆగలేదు. చీకట్లో లేచి కూర్చునేవారు. నారాయణగూడలో కాలేజీ ఆఫీసుకు ఎర్రటి కళ్లతో వెళ్లి, ఎర్రటి కళ్లతోనే తిరిగొచ్చేవారు. డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకేమైంది? మంచిగనే ఉన్న గదా" అనేవారు.

ఆ పొద్దున టిఫిన్ తినేటప్పుడు ఆయన మాట ముద్దముద్దగా వచ్చింది. లేవబోయి తలుపు పట్టుకున్నారు. "నిద్ర లేక తూలుతున్నరు. పోయి జర పడుకోండి" అని నేనే పంపాను.

అన్నానికి లేపడానికి వెళ్లాను. దగ్గరగా వింటే అది గురకలా లేదు. గొంతులో నీళ్లు అడ్డుపడ్డట్టు గరగరమంటోంది. ఒక ఊపిరి వచ్చి ఆగిపోతోంది. ఇక రాదేమో అనుకునేసరికి ఇంకొకటి వస్తోంది. పిలిచాను. భుజం పట్టి ఊపాను. చెవి తమ్మె గట్టిగా గిల్లితే చిన్నగా మూలిగారు గానీ కళ్లు తెరవలేదు. పెదవులు రంగు మారి నీలంగా కనిపించాయి. ఒళ్లు చల్లగా ఉంది. నోటి దగ్గర మందు వాసన.

నిద్రపోయే మనిషిని గిల్లితే విసుక్కుంటాడు, చెయ్యి విదిలిస్తాడు. ఇది నిద్ర కాదు.

చిక్కడపల్లిలో మాది పాత ఇల్లు. పైన మేము, కింద ఆయన అన్న మా బావగారు, తోటికోడలు అక్క. నా అరుపుకి ఇద్దరూ పైకి పరుగెత్తుకొచ్చారు. నేను అప్పటికే 108 నొక్కుతున్నాను. బావగారు నా చెయ్యి ఆపారు.

"జర ఆగమ్మా. ఏదో మింగినట్టున్నడు, ఆ బండి వచ్చిందంటే పోలీసోళ్లు కూడా వస్తరు. గల్లీల అందరికీ తెలుస్తది. నేను కారు తీస్త, తెలిసిన డాక్టర్ ఉన్నడు."

ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి బావగారి మాటకు ఎదురు చెప్పలేదు నేను. చెయ్యి మాత్రం ఫోన్ నొక్కేసింది.

అవతల మాట్లాడిన అమ్మాయి అడ్రసు తీసుకుని, బండి బయల్దేరుతుందని చెప్పి, "ఊపిరి తీసుకుంటున్నడా అమ్మా?" అని అడిగింది. తీసుకుంటున్నారు గానీ ఆగి ఆగి వస్తోంది, ఏదో మింగినట్టున్నారు అన్నాను. "ఫోన్ పెట్టకండి, స్పీకర్ల పెట్టండి. ఆయన్ని ఒక పక్కకు తిప్పండి. మీదున్న కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెట్టండి. చెయ్యి చెంప కింద పెట్టి, తల కొంచెం వెనక్కి వంచండి. నోరు కిందికి చూడాలె. నోట్లోకి ఏమీ పోయకండి. కక్కించే పని కూడా చెయ్యకండి."

మంచం మీద వీలుకాలేదు. అక్కా నేనూ దుప్పటి పట్టుకుని మెల్లగా నేలమీదికి దించాం. పక్కకు తిప్పగానే నోట్లోంచి లాలాజలం కారింది. ఆ గరగర సగం తగ్గింది.

ఈలోపు ఎదురింటి పెద్దమ్మ ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు పట్టుకొచ్చింది. "తాగించు బిడ్డా, కక్కుకుంటే అంతా పోతది."

"వద్దు పెద్దమ్మా. మింగలేరు. ఊపిరితిత్తుల్లోకి పోతది."

"అయితే లేపి నడిపియ్యండి" అని బావగారు ఆయన చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయారు. మెడ వాలిపోయింది. మనిషి జారి వెల్లకిలా పడ్డాడు. గరగర ఒక్కసారిగా ఆగిపోయింది. ఛాతీ ఎగిరిపడుతోంది గానీ లోపలికి గాలి పోతున్న చప్పుడు లేదు.

"అడ్డు లేవండి బావగారూ!" అని అరిచాను. మళ్లీ పక్కకు తిప్పి, గడ్డం పైకెత్తి పట్టుకున్నాను. పెద్ద ఊపిరి ఒకటి వచ్చింది. తరువాత ఇంకొకటి. బావగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ఇక నేను అక్కడి నుంచి కదలలేకపోయాను. ఆయన వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, నా తొడలు ఆయన వీపుకు అడ్డం పెట్టి, గడ్డం కింద చెయ్యి ఉంచాను. వదిలితే తల వాలిపోతుంది. బండి వస్తోందో లేదో కిటికీలోంచి చూడలేను. కాళ్లు తిమ్మిరెక్కినా మార్చుకోలేను. తలుపు నిండా మనుషులు. ఒకరు కాఫీ అంటారు, ఒకరు మొహాన నీళ్లు కొట్టమంటారు. గాలాడటం లేదు. ఫోన్లో అమ్మాయి మాత్రం అడుగుతూనే ఉంది, "ఛాతీ లేస్తున్నదా అమ్మా? ఆగితే వెంటనే చెప్పండి. వెల్లకిలా పండబెట్టి ఛాతీ మీద ఎట్ల నొక్కాలో నేను చెప్త."

నా కళ్లు ఆయన చొక్కా రెండో గుండీ మీద నుంచి కదలలేదు. అది లేచిందంటే బతికున్నారు. లేవకపోతే, లేచేదాకా నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. ఇలాగే ఉండిపోతామేమో, ఈ గదిలోంచి ఇద్దరం బయటపడమేమో అనిపించింది.

"అశోక్‌నగర్ దగ్గర బండి ఆగిందంటమ్మా, జనం ఉన్నరంట" అంది ఫోన్లో అమ్మాయి. ఆ రోజు కోచింగ్ సెంటర్లలో ఏదో పరీక్ష అయిపోయి, పిల్లలంతా రోడ్డు మీదికి వచ్చేశారట.

అది విని బావగారు లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయారు. సందులోంచి ఆయన గొంతు వినబడింది. "అన్నా, అడ్డమున్న ఆ బండి తియ్యండి! మా తమ్మునికి బాగలేదు, అంబులెన్స్ రావాలె!" గల్లీకి తెలియకూడదన్న మనిషే గల్లీ అంతా వినబడేటట్టు అరుస్తున్నారు.

అంబులెన్స్‌లో వచ్చినామె ముందు ఊపిరి చూసి ఆక్సిజన్ పెట్టింది. వేలు గుచ్చి షుగర్ చూసింది. కళ్లలో టార్చి వేసింది. "ఏం మింగిండు? ఎన్ని, ఎప్పుడు?"

ఎన్నో తెలియదు. పొద్దున్నుంచే మాట ముద్దగా ఉందని చెప్పాను. అప్పుడు అక్క కొంగు విప్పింది. అత్తమ్మ నిద్రమాత్రల ఖాళీ అట్టలు, ఒక చిన్న బ్రాందీ సీసా. తలగడ కింద దొరికితే ఎవరూ చూడకూడదని దాచిందట. "ఇవి మంచిగ దొరికినయి అక్కా. డాక్టర్‌కి ఇవే కావాలె" అని అంబులెన్స్ ఆమె వాటిని కవర్లో వేసుకుంది. మందుతో కలిపితే ఆ మాత్రలు ఊపిరినే ఆపేస్తాయని అప్పుడే చెప్పింది.

ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. పోలీసాయన వచ్చి నాలుగు మాటలు రాసుకుని, "భయపడకు చెల్లే, ఆయనకు బాగయితే చాలు" అని వెళ్లిపోయాడు. బావగారు అంతగా భయపడింది దానికే.

గొట్టం తీసేశాక, గొంతు బొంగురుగా ఆయనే చెప్పారు. ఒకటి వేసుకుంటే నిద్ర రాలేదట. ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. పైన మందు.

"సచ్చిపోవాలనుకున్నరా?" అని అడిగాను. అడగడానికి భయమేసింది గానీ, అడక్కుండా ఉండటం ఇంకా భయంగా ఉంది.

"సావాలనుకోలే. కానీ లేవాలని కూడా అనుకోలే."

ఆ మాటే మానసిక వైద్యురాలితోనూ చెప్పమన్నాను. చెప్పారు. ఇప్పుడు నెలనెలా ఆమె దగ్గరికి పోతున్నాం. ఇంట్లో మిగిలిన పాత మందులన్నీ తీసేశాం. ఆయన వేసుకునేవి నా దగ్గరే ఉంటాయి. నేను కూరగాయలకు పోతే అక్క పైకి వచ్చి కూర్చుంటుంది. ఆయనకు అది నచ్చదు. నాకూ నచ్చదు. కాపలా కాసేవాళ్లకూ జైలు జైలే.

మొన్న స్నానానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"గొళ్లెం పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకోండి" అన్నాను.

లోపల నీళ్లు పడుతున్నంతసేపూ తలుపు బయటే నిలబడ్డాను.