పేరు దాచి చదివిన నోటీసు

మాధవీలత చేతులకు పెళ్లిపత్రికల వాసన వదలడానికి చాలా కాలమే పట్టింది. కీసర నుంచి రోజూ బస్సెక్కి మేడ్చల్ వచ్చి, బస్టాండు ఎదురుగా ఉన్న ప్రింటింగు షాపులో ఆరేళ్లు తెలుగు టైపు చేసింది మరి. ఆ ఆరేళ్లలో ఎంతమందికి పెళ్లిళ్లు చేసిందో లెక్కలేదు. పెళ్లికొడుకు ఎవరైనా, ఊరు ఏదైనా, కీబోర్డు మీద చెయ్యి పడితే చాలు, ‘తామెల్లరు విచ్చేసి’ అనే మాట దానంతటదే వచ్చి కూర్చునేది.

తర్వాత మేడ్చల్ పారిశ్రామికవాడలో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆఫీసు ఉద్యోగం దొరికింది. సెక్షన్ల వాళ్లు చిత్తుగా రాసిచ్చిన కాయితాలను చక్కగా తిరగరాసి, టైపు చేసి, క్యాంటీను బోర్డుకు అంటించడం ఆమె పని. చదువుకున్న పిల్ల, మాట నున్నగా రాస్తుందని అందరికీ గురి. ఆ గురే రెండు వేల మూడులో ఒక గురువారం నాడు ఆమె కొంప ముంచబోయింది.

ఆ వారం ఫ్యాక్టరీలో కాళ్లు నేల మీద నిలిచిన మనిషి లేడు. కంపెనీ పంపులు మొట్టమొదటిసారి విదేశానికి పోతున్నాయి. కంటైనరు సోమవారం పొద్దున్నే గేటు దాటాలి, అంటే ఆదివారం కూడా పంపులు బిగించాల్సిందే. ఆదివారం పని ఇష్టమున్నవాళ్లకే కాబట్టి పేర్లు రాయించుకోవాలి. శనివారం మధ్యాహ్న భోజనం లోపల ఇరవై పేర్లు రాకపోతే ఆ పని నగరం నుంచి వచ్చే కాంట్రాక్టు మనుషులకు ఇచ్చేస్తామని పైనుంచి ఖరాఖండిగా చెప్పేశారు. ఒకసారి వాళ్లు లోపలికి వస్తే మళ్లీ బయటికి పోరని బిగింపు సెక్షను వాళ్లందరికీ తెలుసు.

ఆ సెక్షనుకు పెద్ద లింగం. శామీర్‌పేట మనిషి. మాట గరుకు, మనసు వెన్న. అతను రాసుకొచ్చిన కాయితం చూసి మేనేజరు సుధాకర్ తల పట్టుకున్నాడు. అందులో ఆదివారం సంగతి సగం ఉంటే, పోయిన వారం స్పానర్లు పోగొట్టిన కుర్మయ్య మీద తిట్లు సగం. ఏ టైముకు రావాలో లేదు, బస్సు ఉందో లేదో లేదు.

“ఇది గిట్లనే బోర్డు మీద పెడితే ఇజ్జత్ పోతది మాధవీ. జర మంచిగ జెయ్యి” అన్నాడు సుధాకర్.

ఆమె మంచిగానే చేసింది. అదే పొరపాటు. మధ్యాహ్నానికల్లా బోర్డు మీద నోటీసు మెరిసిపోతూ వెలిసింది: ‘సోదర కార్మికులకు నమస్సులు. మన సంస్థ చరిత్రలో సువర్ణాధ్యాయమైన ఈ శుభ తరుణాన తామెల్లరు ఆదివారం ఉదయం ఏడు గంటలకు విచ్చేసి, తమ అమూల్య సహకారంతో ఈ కార్యమును జయప్రదం చేయ ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు, లింగం.’

బువ్వ గిన్నెలతో బోర్డు ముందు గుమిగూడిన జనం మొదట నోళ్లు తెరిచారు, తర్వాత పొట్టలు పట్టుకున్నారు. “లింగన్నా, పత్రిక మస్తు అచ్చేయించినవ్. పిల్లగాడు ఏ ఊరోడు?” అని ఒకడు. “విందుల కోడా, యాటా?” అని ఇంకొకడు. నవ్వులు సరే, అసలు దెబ్బ వెనక నుంచి తగిలింది. వయసులో అందరికంటే పెద్దవాడైన మైసయ్య చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు: “గిది లింగడు రాసింది గాదు. ఆఫీసోళ్లు రాసి ఆని పేరు పెట్టిన్రు. అంటే ఆనికి గూడ ఇష్టం లేదన్నట్టే గదా.” ఆ మాట అందరి చెవుల్లో పడింది. సాయంత్రానికి బోర్డు కింద రెండే పేర్లు. అందులో ఒకటి లింగానిదే.

లింగం మాధవీలత టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. “బిడ్డా, నేను ఈళ్లకు విధేయున్ని ఎప్పుడైన? ఇరవై ఏండ్ల సంది నా మాట ఎర్కున్నోళ్లు. గియ్యాల నన్ను జూసి ఎవన్నో జూసినట్టు జూస్తున్నరు” అని వెళ్లిపోయాడు. మాధవీలతకు తల కొట్టేసినట్టయింది. తను మెరుగు పెట్టాననుకున్నది మనిషిని తుడిచేయడమని అప్పుడు అర్థమైంది. ఆమె నేరుగా సుధాకర్ గదిలోకి పోయి, ఇంకొక్క అవకాశం ఇవ్వమని అడిగింది. “రేపు సాయంత్రం లోపట పెట్టాలె. ఇగ ఆలోచించుకో” అన్నాడతను.

శుక్రవారం వచ్చీ రాగానే రెండోసారి రాసింది. ఈసారి పట్టుదల మీద ఉంది కదా, లింగం ఊతపదాలన్నీ ఏరి ఏరి గుప్పించింది. ‘అరే బై’ రెండు చోట్ల, ‘మస్తు’ మూడు చోట్ల, ‘పరేషాన్ గాకుర్రి’ ఒక చోట. చదువుకుంటే తనకే నవ్వొచ్చింది, అచ్చం లింగన్నే అనిపించింది. అయితే నిన్నటి నోటీసు కూడా తనకు బ్రహ్మాండంగానే అనిపించింది కదా! తన కాకిపిల్ల తనకు ముద్దు. లింగం ఎరిగిన చెవి ఒకటి కావాలి.

ఆ చెవి క్యాంటీనులో ఉంది. వంట చేసే జంగమ్మ లింగానికి వరసకు వదిన. పన్నెండేళ్లుగా అతనికి అన్నం పెడుతూ, అతని నోటి మాటలు భరిస్తూ వస్తోంది. మాధవీలత అక్కడికి పోయి, “అత్తా, ఒకటి సదువుత. ఎవలు రాసిండ్రో జెప్పు” అని పేరు దాచి చదివింది.

జంగమ్మ పగలబడి నవ్వింది. మాధవీలత గుండె ఉప్పొంగింది, అంతలోనే చప్పగా దిగిపోయింది.

“ఎవడే గీడు? లింగన్ని మంచిగ ఎక్కిరిస్తున్నడు!”

“గట్లంటవేంది అత్తా? లింగన్న గిట్లనే మాట్లాడుతడు గదా?”

“మాట్లాడుతడు. అయితే మాటకోసారి గట్ల మాట్లాడితే ఆడు లింగడెట్లయితడు, పగటి వేషగాడయితడు గని” అంటూ జంగమ్మ పప్పులో పోపు వేసింది.

మొదటి కాయితంలో లింగం లేడు. రెండోదాంట్లో ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నాడు. మరి అసలు లింగం ఎక్కడున్నట్టు? మాధవీలత కాయితం మడిచి, బస్సు టైములు అడిగే నెపంతో పంపులు బిగించే షాపు లోపలికి నడిచింది.

సరిగ్గా అప్పుడే లింగం మైసయ్యకు ఒక చెడ్డ సంగతి చెబుతున్నాడు. మైసయ్య బుధవారం సెలవు అడిగాడు. “బుధవారం ఇయ్యను” అన్నాడు లింగం ఎత్తుకోవడంతోనే. ఆ తర్వాత కారణం చెప్పాడు: ఆ రోజు కొత్త మిషను వస్తోంది, అది మైసయ్య చేతికే అలవాటు కావాలి. “గురువారం దీస్కో, శుక్రవారం గూడ దీస్కో. నీ ఇష్టం” అని ముగించాడు. బతిమాలలేదు, ముందస్తు కృతజ్ఞతలూ చెప్పలేదు. ‘అరే బై’ ఒక్కటీ లేదు! మైసయ్య కాసేపు గొణిగి, “సరె, గురువారమే” అన్నాడు. అటు తిరిగి కుర్మయ్యను ఆటపట్టించేటప్పుడు మాత్రం ‘అరే బై’లు వరదలా వచ్చాయి.

మాధవీలతకు కావాల్సింది దొరికింది! ఊతపదాలు అతని సరదా మాటల్లోవి. నిజంగా పని పడ్డప్పుడు అతను చేదు ముందు చెబుతాడు, ఎందుకో చెబుతాడు, నిర్ణయం ఎదుటివాడి చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటాడు. బస్సు టైములు అడగడం కూడా మరిచిపోయి ఆఫీసుకు పరుగెత్తింది. మధ్యలో గుర్తొచ్చి మళ్లీ వెనక్కి పరుగెత్తింది.

లింగం మొదట రాసిన కాయితాన్ని ముందు పెట్టుకుంది. కుర్మయ్య మీది తిట్లు తీసేసింది. లేని టైములు చేర్చింది. వరస మాత్రం అతనిదే ఉంచింది, అతను రాసిన మంచి వాక్యాలను ముట్టుకోలేదు. ఒక చోట చెయ్యి దానంతటదే ‘విజ్ఞప్తి’ అని కొట్టింది. ఆ చేతిని రెండో చేత్తో ఒక్కటి వేసి, ఆ మాట చెరిపేసింది.

మళ్లీ క్యాంటీనుకు పోయింది. ఈసారి కుర్మయ్య కూడా అక్కడే టీ తాగుతున్నాడు. సుధాకర్ పెట్టిన పాత నోటీసు ఒకటి ముందు పేరు దాచి చదివి, ఎవరిదని అడిగింది. “మేనేజరు సారుది” అన్నాడు కుర్మయ్య, ఆవలిస్తూ. తర్వాత అదే గొంతుతో కొత్తది అందుకుంది:

‘ముందుగాల చేదు సంగతి. ఈ ఆదివారం మనకు పని ఉన్నది. పొద్దున ఏడింటికి మొదలు. కంపెనీ బస్సు కీసరల ఆరింటికి, శామీర్‌పేటల ఆరున్నరకు. ఇవి మొదటిసారి బయటి దేశం పోయే పంపులు. మనం బిగియ్యకుంటే కాంట్రాక్టోళ్లు బిగిస్తరు. అక్కడ నీళ్లు పోసేది మన పంపేగాని, మన చెయ్యి దానిమీద పడనట్టే. బోనాలు ఇది గాక వచ్చే ఆదివారం. ఆ దినం నేను అడగ, అడిగితే నా నెత్తి మీద కొట్టుర్రి. వచ్చేటోళ్లు శనివారం పగటి బువ్వ లోపట పేరు రాయుర్రి. రానోళ్లను నేను ఏమనను.’

జంగమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “అంటే ఆదివారం పని నిజమేనా? గీ లింగనికి ఏమైంది? ఇరవై మందికి పొద్దుగాల్ల చాయ్ ఎవలు వెడ్తరు, ఆడు వెడ్తడా? నాకొక మాట జెప్పద్దా?” అని కొంగు బిగించింది. కుర్మయ్య గ్లాసు కింద పెట్టి, “ఏమననంటడు గని, రాకపోతే నెల దినాలు మొకం జూడడు. నేనైతే వోత తల్లీ” అని లేచాడు.

కొత్తది ఎవరు రాశారని ఆమె అడగనే లేదు. వాళ్లూ చెప్పలేదు. కాయితం సంగతే మరిచిపోయి, ఎదురుగా లేని లింగంతో తగవు పెట్టుకున్నారు. మాధవీలతకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎవరూ చూడకుండా వంటగది వెనక నిజంగానే ఒక గంతు వేసింది కూడా.

ఇక లింగం ఒప్పుకోవాలి. అతను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, “పెట్టు” అన్నాడు. అంతే. శుక్రవారం సాయంత్రం పాతది చింపి కొత్తది అంటించారు.

శనివారం పొద్దున మాధవీలత బోర్డు కనబడే కిటికీ దగ్గరే కూర్చుంది. బోర్డు ముందు నవ్వుల్లేవు. గొణుగుళ్లున్నాయి, ఒకరిద్దరు లింగాన్ని మనసారా తిట్టారు కూడా. తిట్టినవాళ్లే పెన్ను అందుకున్నారు. చివరికి మైసయ్య వచ్చాడు. పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. “గిది మనోడు రాసిండు” అని పేరు రాసి, వెనకున్నవాడికి పెన్ను ఇచ్చాడు. భోజనం గంట కొట్టేసరికి పేర్లు ఇరవై దాటాయి, బిగింపు సెక్షనులో పేరు రాయని మనిషి మిగల్లేదు. సుధాకర్ గట్టిగా చప్పట్లు కొట్టి, నగరంలో కాంట్రాక్టరుకు ఫోను చేసి రావద్దని చెప్పేశాడు.

ఆదివారం ఏడు కాకముందే షాపంతా స్పానర్ల మోతతో హోరెత్తింది. జంగమ్మ సణుగుతూనే అందరికీ చాయ్ పోసింది. సాయంత్రం చివరి పంపు పెట్టెలోకి దిగినప్పుడు పడ్డ కేకలు రోడ్డు అవతల దాకా వినిపించాయి. మాధవీలత కూడా సిగ్గు విడిచి ఈల వేసింది.

తర్వాతి సంవత్సరాల్లో ఆమె చేతి మీదుగా వందల నోటీసులు, ఆ పైన కంప్యూటర్లో మెయిళ్లు పోయాయి. ప్రతిదీ పంపేవాళ్లను ఎరిగినవాళ్ల ముందు పేరు దాచి చదవందే బయటికి పంపేది కాదు. ‘భలే రాసినవ్’ అని ఎవరైనా మెచ్చుకుంటే ఆ కాయితాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ రాసేది.

ఆ అలవాటుకు విత్తనం ఆ ఆదివారమే పడింది. కంటైనరు తలుపుకు సీలు వేసి అందరూ బస్సెక్కుతుంటే, లింగం ఆమె దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు.

“బిడ్డా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. గా కొత్త నోటీసు నేను రాసినట్టే ఉన్నది గదా. ఇగ నువ్వు జేసిందేంది?”

“ఏం జెయ్యలేదన్నా” అంది మాధవీలత. అంతకంటే గొప్ప మెప్పు ఆమెకు జన్మలో దొరకలేదు.