పోలయ్య పది రోజులు

తెప్పలు చేసే పోలయ్య నోట ఎప్పుడూ ఒకటే గడువు, పది రోజులు. పచ్చి దుంగ ఆరడానికే మూడు నెలలు కావాలని అతనికి తెలియక కాదు, నిజం చెబితే బేరం పోతుందని. మా పొరుగింటి ముత్యాలయ్య ఆ మాట నమ్మి పాత తెప్ప అమ్మేసి, నెలన్నరగా వేట లేక ఇంట్లోనే కూర్చున్నాడు. ఉండబట్టలేక నేనే అతన్ని వెంటబెట్టుకుని మైపాడులో పోలయ్య దగ్గరికి వెళ్లాను.

"ఇవే నీ దుంగలన్నా," అని పోలయ్య చూపించాడు. నేను వాటి మీద కూర్చున్నానో లేదో, ఇంకో జాలరి వచ్చి, "అక్కా, నా దుంగల మీద కూర్చున్నావేంది?" అన్నాడు.

గోరు గుచ్చి చూస్తే తడి తగిలింది. "ఇద్దరికీ ఇయ్యే చూపించినావా, సిగ్గులేనోడా! అదీ పచ్చియ్యి!"

"పది రోజులు ఓపిక పట్టక్కా."

ముత్యాలయ్య అటు నుంచి అటే పక్కూరిలో తెప్పలు చేసే గంగయ్య దగ్గరికి వెళ్లాడు. "మూడు నెలలకు ముందు ఇయ్యలేను. అందాకా నా పాత తెప్ప తీసకపో," అన్నాడాయన.

మర్నాడే ముత్యాలయ్య సముద్రంలో ఉన్నాడు. పోలయ్య ఆ దుంగలను మూడో మనిషికి చూపిస్తున్నాడు.