మా అమ్మ మొలతాడు ‘క’

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, ఇంట్లోకి సెల్‌ఫోను వచ్చేసిన రోజులే) నాకు లోకంలో రెండే భయాలు. ఒకటి మా వీధి కుక్క, రెండోది అన్నం బెల్లు తర్వాత వచ్చే తెలుగు పీరియడ్. అందులో టీచరమ్మ ఒక్కొక్కరినీ లేపి పైకి చదివించేది. రెండో తరగతిలో ఉన్న నేను లేచి నిలబడితే చాలు, అక్షరం అక్షరానికీ తడబడేదాన్ని. పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. ఒకరోజు, “నేనింక బడికి పోను, గొర్రెలు కాస్తా” అని ఇంట్లో తేల్చి చెప్పేశాను (మాకు గొర్రెలు లేవన్న సంగతి అప్పుడు తోచలేదు).

అమ్మ తిట్టలేదు. ఆమె పుట్టిల్లు కర్ణాటక వైపు. మా ఊరు గుమ్మఘట్టకు కోడలుగా వచ్చి తెలుగు గలగలా మాట్లాడేది గానీ, రాయాలంటే కన్నడ అక్షరాలే వచ్చేవి. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లే కాబట్టి చాలా అక్షరాలు పోల్చుకోవచ్చు. ‘క’ దగ్గరే చిక్కు. కన్నడ ‘క’కు నడుముకు అడ్డంగా గీత ఉంటుంది. మర్నాటి నుంచి నా అన్నం డబ్బా మీద ఒక చీటీ రావడం మొదలైంది. ఆవిరికి సిరా చెదరకుండా మూతపైన పెట్టి రబ్బరు బ్యాండు వేసేది. పెద్ద పెద్ద కన్నడ అక్షరాలు, నాలుగైదు తెలుగు మాటలు, ఏదో ఒక తమాషా. మార్కుల ఊసు, బాగా చదవమనే మాట ఎన్నడూ లేదు.

“ఏం రాసినావు మా?” అని అడిగితే, “చదవాలనిపిస్తే చదువు అమ్మీ, ల్యాకుంటే దాంతో చెయ్యి తుడ్చుకో” అనేది. మొదట్లో చెయ్యే తుడుచుకున్నాను. తర్వాత ఆశ ఆగక ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగాను.

ఒకనాడు డబ్బాలో కాకరకాయ కూర. చీటీలో, “కాకి కాకరకాయ కొరికింది. కక్కింది. నువ్వు?” అని ఉంది. నాకు పొలమారింది. తెలుగు పీరియడ్ మొదలైనా నవ్వు ఆగలేదు. కోస్తా నుంచి వచ్చిన మా టీచరమ్మ, “ఏమిటమ్మా ఆ నవ్వు? లే, ఆ చీటీ ఇలా ఇవ్వు” అని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇదేం అక్షరం?”

“అది మా అమ్మ ‘క’ టీచర్. మొలతాడు కట్టుకుంటాది” అన్నాను. ఆమెకు అర్థం కాలేదేమోనని వేలు పెట్టి చూపిస్తూ చీటీ అంతా గట్టిగా చదివేశాను. తరగతంతా పగలబడి నవ్వింది. నన్ను చూసి కాదు, కాకిని తలుచుకుని. నిలబడి, పైకి, ఎక్కడా తడబడకుండా చదివానని కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు.

సాయంత్రం అమ్మకు చెబితే, బియ్యం ఏరుతూ, “ఔనా? అట్లయితే మీ తెలుగు ‘క’ ఎట్లుంటాదో నాకూ నేర్పిచ్చు” అంది. నేను ఊరుకుంటానా? టీచరమ్మ గొంతు పెట్టి, తప్పు రాసినప్పుడల్లా కసిరి మరీ దిద్దించాను. కొన్నాళ్లకు అమ్మ ‘క’ మొలతాడు విప్పేసింది, నేను ఘనకార్యం చేశాననుకున్నాను. ఇప్పుడు అమ్మ ఫోన్లో పంపే తెలుగులో వంక పెట్టడానికి ఒక్క అక్షరం దొరకదు. అంత శ్రద్ధగా అమ్మకు పాఠం చెప్పిన ఆ పొట్టి పంతులమ్మను తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒక్క ‘క’నైనా మొలతాడుతోనే వదిలేసి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.