ఏడో గడిలో తమ్ముడు

బట్టలు కుట్టే ఆవిడను వీధిలో అందరూ కాగితాలక్క అనేవారు. కుక్కర్ కొన్నా సరే, వారంటీ కార్డు చివరి అక్షరం దాకా చదవందే ఆవిడ సంతకం పెట్టదు. "నీ చేత సంతకం పెట్టించడం బ్రహ్మతరం కాదే" అని మొగుడు ఏడిపించేవాడు. లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి పోయిన వారం లిఫ్టు గుంతలో నలిగి చనిపోయాడు.

నష్టపరిహారానికి ఎఫ్ఐఆర్ కాపీ కావాలన్నారు. స్టేషన్‌లో పైసా తీసుకోకుండా ఇచ్చారు. ఆవిడా, తమ్ముడూ ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో లాయరమ్మ ముందు కూర్చున్నారు. బావతో పాటు అదే కంపెనీలో పనిచేసే తమ్ముడే పైకి చదివాడు.

"రెండో గడి. సెక్షన్ నూటఆరు, బ్రాకెట్లో ఒకటి."

"నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని అర్థం" అంది లాయరమ్మ.

"మూడో గడి. మంగళవారం పొద్దున పదకొండుకి జరిగింది. స్టేషన్‌కి సాయంత్రం నాలుగుకి తెలిసింది. ఆరో గడి, ఫిర్యాదు ఇచ్చింది నువ్వేనక్కా. ఏడో గడి, ముద్దాయి..."

అక్కడితో కాగితం మడవబోయాడు. అక్క కాగితం లాక్కుని చూసింది. ముద్దాయిగా ఉన్నది తమ్ముడి పేరు. కింద తండ్రి పేరు. ఆ తండ్రి తనకూ తండ్రే. గుంతలో మనిషి ఉన్నాడో లేదో చూసుకోకుండా లిఫ్టు కదిపాడని కింద ఫిర్యాదులో రాసి ఉంది. ఆ ఫిర్యాదు తనది.

"ఆ టైముకి వీడు నా పక్కనే ఉన్నాడండీ. సెలవు పెట్టి నన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు."

ఆ రోజు ఆసుపత్రిలో ఆవిడ కంట్లో చుక్కలు వేశాక ఫోన్ వచ్చింది. మార్చురీ దగ్గర, తమ్ముడు అంబులెన్స్ కోసం వెళ్లినప్పుడు, కంపెనీ సూపర్‌వైజర్ కాగితం అందించి, శవాన్ని ఇవ్వాలంటే సంతకం కావాలన్నాడు. చుక్కల వల్ల అక్షరాలన్నీ అలుక్కుపోయి కనిపించాయి. జన్మలో ఆ ఒక్కసారి చదవకుండా పెట్టింది. ఆ కాగితమే ఈ ఫిర్యాదు. తప్పు కంపెనీ మీదికి రాకుండా ఆ సూపర్‌వైజర్ ఎవరిని బలి పెట్టాడో ఇప్పుడు తెలిసింది.

"దీన్ని చింపేసి ఇంకోటి రాయమనండి."

"కుదరదమ్మా. దీని కాపీ అప్పుడే కోర్టుకి వెళ్లిపోయింది. కానీ ఎఫ్ఐఆర్ అంటే తీర్పు కాదు, దర్యాప్తుకి మొదలు మాత్రమే. దర్యాప్తు అధికారికి జరిగింది జరిగినట్టు చెప్పండి, ఆసుపత్రి చీటీ ఇవ్వండి. సాక్ష్యం లేకపోతే ఛార్జిషీటులో ఇతని పేరు ఉండదు. ఈలోగా అరెస్టు చేసినా ఇది బెయిలబుల్ సెక్షనే. జామీను ఉండేవాళ్లని చూసుకోండి."

"నేనుంటాను."

లాయరమ్మ కలం ఆపి ఆవిడ వైపు చూసింది. "ఫిర్యాదు మీదే కదమ్మా. ముద్దాయికి మీరే జామీను ఉంటానంటే ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనివ్వండి. ఆయన పోయాడు. వీణ్ణి కూడా నా చేత్తోనే పోగొట్టుకోనా?"

తమ్ముడు ఆ మాట విన్నాడు. అయినా కాగితం మీది ఆవిడ సంతకం నుంచి చూపు తిప్పి ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాడు.