మా తమ్ముడు పేరుపేరునా రాసిన ఉత్తరం

మా తమ్ముడు వెళ్లిపోయాడు. పోయిన మంగళవారం పొద్దున సైటుకు బయలుదేరుతూ, బూట్లు తొడుక్కోవడానికి గడప మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఇంట్లో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. వాడి గురించి నేను రాయవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అయినా వాడిని తలుచుకోగానే ఏడుపు కంటే ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆ సంతోషం ఇంకా నా గుండెలో గంతులేస్తూనే ఉంది. మీకు చెప్పాలనిపించింది ఆ మధ్యాహ్నం గురించే.

వాడు కట్టడాల కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. మా ఇందుకూరుపేట వైపు, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్టపుపాలెంలో, చేపలు పట్టేవాళ్ల పల్లెలో, కొన్నేళ్ల కిందట తుఫాను షెల్టరు కట్టించే పని వాడికిచ్చారు. వానలు మొదలయ్యేలోపు అప్పగించాలి. లేదంటే ఆ ఏడాది కూడా పాలెం జనం పిల్లలను చంకనేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాల్సిందే.

అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్లే. ఆ నీళ్లు కాంక్రీటులో కలిపితే లోపల ఇనుము తుప్పు పడుతుంది. అందుకని మంచినీళ్లు దూరం నుంచి ట్యాంకరులో తెప్పించేవాళ్లు. పైకప్పు పోయాల్సిన రోజున ఆ ట్యాంకరు చెడిపోయింది. తమ్ముడు ఫోనులోనే ఇంకో ట్యాంకరు మాట్లాడాడు. నీళ్లు పరీక్షకు పంపకుండా వాడకూడదన్నది వాడు పెట్టిన నియమమే. ఆ పొద్దున తొందరలో వాడే దాన్ని పక్కన పెట్టాడు.

గోడలకూ స్తంభాలకూ నీళ్లు కొట్టే మస్తానమ్మ ఆ కొత్త ట్యాంకరు కింద ఊరికే దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుంది. తుపుక్కున ఉమ్మింది. పోయి మిక్సరుకు అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరుగు మస్తానమ్మా, టైమైపోతా ఉంది!" అని అరిచాడంట వీడు.

"ముందు నువ్వు తాగు సారూ. తాగి గుటక దిగితే అప్పుడు జరుగుతా."

వీడు తాగాడు. దిగలేదు. పరీక్షలోనూ అదే తేలింది. పని నాలుగు రోజులు ఆగింది. ఏం జరిగిందో ఆ రోజే ఆఫీసుకు తెలియజేశాడు.

ఆ నాలుగు రోజులూ ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. ఇనుప కడ్డీలు వంచే మేస్త్రీ మెట్లకు కావలసిన జాలీలన్నీ కింద నేల మీదే కట్టి పెట్టాడు, మంచినీళ్లు రాగానే ఎత్తి అమర్చేలాగా. కుర్ర ఇంజినీరు రవి కొత్త నీళ్ల సీసాలు పట్టుకుని బస్సులో నెల్లూరు పోయి, రిపోర్టు చేతిలోకి వచ్చేదాకా ల్యాబు ముందే కూర్చున్నాడు. చివరికి గడువుకు రెండు రోజుల ముందే తాళాలు అప్పగించారు! వాడు ఫోనులో "అక్కా! అయిపోయింది అక్కా!" అని కేక పెడితే నా చేతిలో గరిటె జారి పడింది. అక్కడే పొయ్యి ముందు నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ వారంలోనే వాడు ల్యాప్‌టాపుతో మా ఇంటికి వచ్చాడు. టీముకు థ్యాంక్యూ ఉత్తరం రాశాడట, చదవమన్నాడు. చదివాను. "అంకితభావం", "కలసికట్టు కృషి", "మీ అందరికీ ధన్యవాదాలు." అంతే, ఒక పేరా.

"బాగుందా అక్కా?"

"బాగుంది. ఏ బిల్డింగుకైనా పనికొస్తుంది" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో మనుషులను పేరుపేరునా తలుచుకోవడం అమ్మ పెట్టిన అలవాటు. చిన్నప్పుడు వీడికి నిద్ర ఆగేది కాదు. "అందర్నీ దీవించు అని చెప్పేస్తే దేవుడికి తెలీదా అక్కా?" అని గొణిగేవాడు. "ఆయనకు తెలుసు. నువ్వు మరిచిపోకుండా ఉండడానికి" అనేదాన్ని.

ఆ మాట ఇప్పుడు నేను మళ్లీ అనలేదు. వాడే సంచిలోంచి సైటు డైరీ తీశాడు.

రెండు రోజులు కూర్చున్నాడు. డైరీలో ఏ రోజు ఎవరు ఏం చేశారో చూసి, హోదా వరసలో కాకుండా పని జరిగిన వరసలో రాశాడు. పునాది తవ్వినవాళ్లు ముందు. రంగులు వేసినవాళ్లు చివర. వంటమనిషి మధ్యలో. ఈమెయిలు లేనివాళ్లే ఎక్కువ కాబట్టి తెలుగులో రాశాడు. మేస్త్రీ భార్య పురిట్లో ఉన్నా అతను పనికొచ్చిన సంగతి రాసి, ఫోను చేసి అడిగాడు. "ఇంటి సంగతి వద్దు సార్" అన్నాడట అతను. కొట్టేశాడు. తన చేతిలో లేని బోనసు ఊసెత్తలేదు. వెనక తలుపు తడికి బిగుసుకుంటోందనీ, దాన్ని సరిచేసే పని ఇంకా మిగిలే ఉందనీ మాత్రం రాశాడు.

ఇంకో మాట కూడా ఉంది. "నీళ్లు పరీక్షించకుండా వాడమన్నది నేను. ఆపింది మస్తానమ్మ. ఈ పైకప్పు గట్టిగా ఉందంటే ఆమె వల్ల."

ముసాయిదా చూసిన పైఅధికారి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏందయ్యా ఇది? థ్యాంక్స్ చెప్పమంటే తప్పొప్పుకుంటావా? వచ్చే నెల హార్బరు పని నీకే అనుకుంటా ఉన్నాం. ఆ రెండు ముక్కలు తీసెయ్."

"అవి తీసేస్తే మస్తానమ్మకు థ్యాంక్స్ ఎందుకో అర్థం కాదు సార్."

"నీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు."

ఫోను పెట్టేసి నావైపు చూశాడు. ఇద్దరు పిల్లల చదువులున్నాయి. ఆ హార్బరు పని కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆఫీసులో అందరికీ మెయిలు వెళ్లిపోయింది. "పంపేశా అక్కా!" అన్నాడు, చెట్టెక్కి కాయ కోసుకొచ్చినవాడిలా.

ఆ తర్వాత వచ్చింది, నేను మొదట చెప్పిన ఆ ఆదివారం మధ్యాహ్నం. షెల్టరు మెట్ల మీద అందరూ కూర్చున్నారు. నేనూ వెళ్లాను. వాడు పైకి చదువుతుంటే ఒక్కో పేరుకూ ఒక్కో కేక! ఎవరో ఇనుప తట్ట వాయించడం మొదలుపెట్టారు. వంటమనిషి పేరు రాగానే "ఆ సాంబారుకు గూడా థ్యాంక్సా సార్?" అని ఒకడు అరిచాడు. "వచ్చే సైటులో నీకు అదీ లేదు పో" అందామె. మస్తానమ్మ గురించి రాసిన మాట వచ్చినప్పుడు మాత్రం తట్ట వాయించేవాడి చెయ్యి ఆగింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊరికే ఉప్పుగుందన్నా, అంతే గదా" అంది. అంతే, మెట్లన్నీ దద్దరిల్లిపోయాయి. పాలెం పిల్లలు ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. సంతకం పెట్టిన కాపీ ఒక్కొక్కరి చేతికీ తనే ఇచ్చాడు.

హార్బరు పని వాడికి రాలేదు. ఇంకొకరి కింద చిన్న పని ఇచ్చారు. "పోతే పోయింది అక్కా, రాత్రి నిద్ర పడతా ఉంది గదా" అన్నాడు. ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. పాలెం మొత్తం రెండు రోజులు ఆ పైకప్పు కింద ఉంది. చుక్క కారలేదు. ఆ కబురు చెప్పినప్పుడు వాడి గొంతులో హార్బరు గురించిన దిగులు వెతికాను. లేదు.

మొన్న సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఒకామె నా దగ్గరకు వచ్చింది. మస్తానమ్మ. జుట్టు నెరిసింది. ప్లాస్టిక్ కవరులోంచి, మడతల దగ్గర చిరిగిన ఆ ఉత్తరం తీసింది.

"నాకు చదవడం రాదమ్మా. ఒక్కసారి చదవండి, సారు చదివినట్టే."

కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చదివాను, పేరుపేరునా. నేను రెండో పేజీ తిప్పీ తిప్పకముందే ఆమె వేలు ముందుకు వచ్చి, తన పేరున్న చోట ఆగింది. అక్షరాలు అక్కడ మాత్రం కాస్త చెరిగిపోయి ఉన్నాయి, ఆ వేలు ఆనీ ఆనీ.